ఈనెల చీపురు కాంపాక్టా కాదా? పదికి సున్నా వేశారు

వంశధార_పిల్ల
ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి సెమిస్టర్, శ్రీకాకుళం. ఇంటర్నల్‌లో పది మార్కుల ప్రశ్న ఇది. (0,0) నుంచి (1, 1/n) దాకా గీసిన గీత ముక్కని L_n అనుకోండి. n = 1, 2, 3 అలా ఎంత దూరమైనా. అన్ని గీతలూ కలిపితే వచ్చే సెట్ B. తలంలో మామూలు దూరమే. B కాంపాక్టా కాదా?

నేను రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నాను: "ఏదైనా ఒక ఓపెన్ కవర్ తీసుకుందాం. (0,0) దానిలో ఏదో ఒక ఓపెన్ సెట్‌లో ఉంటుంది, అది U. గీతలన్నీ (0,0) దగ్గరే కలుస్తాయి కాబట్టి ప్రతి గీత మొదలూ U లోకి వెళ్లిపోతుంది. ప్రతి గీతలోనూ మిగిలిన ముక్క కాంపాక్ట్, దానికి ఫైనైట్ సబ్‌కవర్ ఉంటుంది. అన్నీ కలిపితే ఫైనైట్. కాబట్టి B కాంపాక్ట్."

పదికి సున్నా. పక్కన ఎర్ర ఇంకుతో "(1,0)?" అని ఒక్క ముక్క. వెళ్లి అడిగితే "చూసుకోమ్మా" అన్నారు. ఏం చూసుకోవాలి? (1,0) అసలు నా సెట్‌లోనే లేదు. లేని బిందువు గురించి నేనెందుకు రాయాలి?

నాగావళి77
రెండు లైన్ల పని. B బౌండెడ్, కానీ క్లోజ్డ్ కాదు. ఏ మెట్రిక్ స్పేస్‌లో అయినా క్లోజ్డ్, బౌండెడ్ రెండూ ఉంటేనే కాంపాక్ట్, రెండూ ఉంటే కాంపాక్టే. హైనె-బోరెల్. అయిపోయింది.

కోట_జంక్షన్_వాసి
ఇంటర్నల్స్‌కి రీవాల్యుయేషన్ ఉండదమ్మా. మా అమ్మాయికీ ఇలాగే అయింది. హెచ్‌ఓడీకి అర్జీ పెట్టుకో, అది కూడా పదిహేను రోజుల్లోపే.

వంశధార_పిల్ల
మార్కుల కోసం కాదండీ. తప్పెక్కడుందో తెలియక.

ఉద్దానం_కుర్రోడు
నాకు మీ లెక్కలు రావు గానీ బొమ్మ వేసి చూశాను. ఇది ఈనెల చీపురు కదేటి! మా ఇంట్లో మా నాయనమ్మ రోజూ చేసేదే. కొబ్బరాకుని కత్తితో గీసీసి ఈనెలు తీస్తాది, మొదళ్లన్నీ ఒక దగ్గర ముడేస్తాది, కొసలు విచ్చుకుంటాయి. ముడి (0,0), కొసలు (1, 1/n). నేల మీద పడుకోబెట్టిన చీపురు.

నాగావళి77
చీపురుపల్లి స్టేషన్లో దిగి అడుగు, కాంపాక్టో కాదో అక్కడ చెప్తారు 😄

పాత_మేస్టారు
చీపురు బాగుంది, అదే వాడుకుందాం.

వంశధార పిల్లా, నీ జవాబులో చివరి రెండు వాక్యాల ముందు వరకూ తప్పేమీ లేదు. ప్రతి ఈనెకీ మొదలు U లో ఉంది, నిజం. ప్రతి ఈనెలో మిగిలిన ముక్కకి ఫైనైట్ సబ్‌కవర్ ఉంది, నిజం. "అన్నీ కలిపితే ఫైనైట్" అన్న చోట కాలు జారింది. ఒక్కో ఈనెకి మూడేసి సెట్లు చాలనుకో, ఈనెలు ఎన్ని? అనంతం. మూడేసి చొప్పున అనంతం ఈనెలకి ఎన్నవుతాయి?

మాటలతో కాదు, నీ వాదన మీదికి ఒక కవర్ వదులుతాను, నువ్వే పట్టి చూడు. ముడి చుట్టూ 1/2 వ్యాసార్ధంతో గుండ్రటి ఓపెన్ సెట్ ఒకటి, దాని పేరు V. తరవాత ఒక్కో ఈనెకి ఒక్కో ముక్కోణపు సందు. L_n వాలు 1/n కదా. వాలు 1/(n + 1/2) కన్నా ఎక్కువ, 1/(n − 1/2) కన్నా తక్కువ ఉన్న కుడివైపు బిందువులన్నీ W_n. ఆ సందులో L_n తప్ప ఇంకో ఈనె పట్టదు. V, W_1, W_2, W_3... అన్నీ ఓపెన్, అన్నీ కలిపి B ని కప్పేస్తాయి.

ఇప్పుడు వీటిలోంచి కొన్నే ఏరుకో. W లు వంద తీసుకున్నా, కోటి తీసుకున్నా, తీసుకోని నంబరు ఒకటి మిగులుతుంది. ఆ ఈనె కొస (1, 1/n) ముడికి ఒకటి కన్నా ఎక్కువ దూరంలో ఉంది, కాబట్టి V లో లేదు. దాని సొంత సందుని నువ్వు వదిలేశావు. ఇంకో సందులో అది పట్టదు. కొస బయటే ఉండిపోయింది.

ఉద్దానం_కుర్రోడు
మేస్టారూ, 1/2 ఎందుకు? ముడి చుట్టూ 2 వ్యాసార్ధంతో ఒక్క గుండ్రం గీసీస్తే చీపురంతా అందులోకి వచ్చీదు? ఒక్క సెట్‌తో సరి. ఫైనైట్ కన్నా ఫైనైట్.

వంశధార_పిల్ల
నాకూ అదే అనిపించింది, అడగడానికి సిగ్గేసింది.

పాత_మేస్టారు
ముప్పై రెండేళ్లు చెప్పాను, ఏటా ఇద్దరైనా ఇదే అడిగారు, సిగ్గేముంది. కవర్ ఎంచుకునేది నువ్వు కాదు. పెళ్లివారు పందిరికి గుడ్డలు పంపారు, ఆ గుడ్డల్లోంచే కొన్ని ఏరి పందిరంతా కప్పాలి. మా ఇంట్లో పెద్ద టార్పాలిన్ ఉంది, అది వేస్తానంటే కుదరదు. వాళ్లు ఎంత పిసినారి గుడ్డలు పంపినా నువ్వు నెగ్గగలిగితేనే అది కాంపాక్ట్. ఒక్కసారి ఓడినా కాదు. నేను పంపిన V, W లతో ఓడావు, అంతే.

ఎప్సిలాన్_రాజాం
మేస్టారు చెప్పిన కవర్‌తో పని అయిపోయింది గానీ, ఎర్ర ఇంకు సంగతి ఎవరూ తేల్చలేదు. లేని బిందువు గురించి ఎందుకు రాయాలి అన్నది అసలు మంచి ప్రశ్న.

కొసల వెంబడి నడువు: (1,1), (1,1/2), (1,1/3)... ఇదంతా B లోపలి సీక్వెన్సే. n-వ కొసకీ m-వ కొసకీ మధ్య దూరం |1/n − 1/m|, ముందుకి వెళ్లేకొద్దీ సున్నాకి పోతోంది. అంటే అవన్నీ ఒకదాని మీద ఒకటి ఒరుగుతున్నాయి, ఎక్కడికో చేరబోతున్నాయి. ఇది చెప్పడానికి (1,0) పేరు కూడా ఎత్తక్కర్లేదు. కానీ చేరాల్సిన చోటు B లో లేదు. ఏ సబ్‌సీక్వెన్స్ తీసినా అది తలంలో (1,0) కే పోతుంది, ఇంకెక్కడికీ పోదు. కాబట్టి B లోపల దేనికీ చేరదు. కాంపాక్ట్ అయి ఉంటే ఒక్క సబ్‌సీక్వెన్స్ అయినా ఇంటికి చేరాలి.

ఆ లేని బిందువే ఓపెన్ కవర్‌ని కూడా తయారుచేసి ఇస్తుంది. (1,0) కి 1/k కన్నా ఎక్కువ దూరంలో ఉన్న బిందువులన్నీ U_k అనుకో. k పెరిగేకొద్దీ U_k పెద్దదవుతుంది, (1,0) చుట్టూ ఉన్న గొయ్యి చిన్నదవుతుంది. B లో ఏ బిందువూ (1,0) కాదు కాబట్టి ప్రతిదీ ఏదో ఒక U_k లో పడుతుంది. ఫైనైట్‌గా ఏరితే వాటిలో పెద్ద k ఒకటి ఉంటుంది, అది K అనుకో. అప్పుడు (1,0) కి 1/K దూరం లోపల ఉన్నదేదీ కప్పలేదు. (1, 1/K) సరిగ్గా అక్కడే కూర్చుంది. మీ సారు రాసిన రెండంకెల్లో ఇదంతా ఉంది, ఆయన విప్పలేదు, అంతే.

వంశధార_పిల్ల
అంటే లేని బిందువే సాక్షి. ఇప్పుడు పట్టింది. అయితే (1,0) ని B లో కలిపేస్తే కాంపాక్ట్ అయిపోతుంది కదా? సారు అడిగిందీ ఆ బిందువే.

నాగావళి77
అవుతుంది. గొయ్యి పూడ్చేశాం. క్లోజ్డ్ అయింది.

ఎప్సిలాన్_రాజాం
@నాగావళి77 అవదు. కొసల దగ్గర ఒక్క గొయ్యే పూడ్చావు. ఈనెల నడుమల వెంబడి నడువు: (1/2, 1/2), (1/2, 1/4), (1/2, 1/6)... n-వ ఈనె నడుమ (1/2, 1/(2n)). ఇవి (1/2, 0) కి పోతున్నాయి. అదీ సెట్‌లో లేదు. 1/2 బదులు 0.3 పెట్టినా, 0.01 పెట్టినా ఇదే కథ. నేల మీద (0,0) తప్ప (1,0) దాకా ప్రతి బిందువూ గొయ్యే.

నాగావళి77
ఓ. అవును. బొమ్మ వేయకుండా మాట్లాడాను.

ఉద్దానం_కుర్రోడు
అంటే కింద ఒక ఈనె మొత్తం తక్కువ. నేలకి ఆనుకున్న ఈనె.

ఎప్సిలాన్_రాజాం
సరిగ్గా అదే. (0,0) నుంచి (1,0) దాకా ఉన్న గీతని L_0 అనుకుని కలుపు. నిండు చీపురు. దాన్ని C అందాం. ఇది కాంపాక్ట్.

సీక్వెన్స్‌తో చూడడం తేలిక. C లో ఏ సీక్వెన్స్ తీసుకున్నా ప్రతి బిందువూ ఏదో ఒక ఈనె మీద ఉంటుంది. ఏదో ఒక ఈనె మీదికి అనంతం సార్లు వస్తే ఆ ఈనె కాంపాక్ట్ కాబట్టి దాని మీదే సబ్‌సీక్వెన్స్ దొరికింది. ఏ ఈనె మీదికీ అన్నిసార్లు రాకపోతే, ఈనె నంబర్లు అనంతానికి పోయే సబ్‌సీక్వెన్స్ తీయొచ్చు. ఆ బిందువులు (x, x/n) రూపంలో ఉంటాయి. x లు 0 కీ 1 కీ మధ్యవే, కాబట్టి వాటిలో చేరేవి మళ్లీ ఏరుకో. ఎత్తు x/n ఎలాగూ సున్నాకి పోతుంది. చేరే చోటు (x, 0). అది L_0 మీద ఉంది. ఇంటికి చేరింది.

వంశధార_పిల్ల
మా సారు ఓపెన్ కవర్‌తోనే చేయమంటారు. నేను మొదట రాసిన పద్ధతే ఇక్కడ పెడితే? U ముడి దగ్గరే ఉంటుంది, కొసలు బయటే ఉంటాయి, మళ్లీ అక్కడే ఇరుక్కుంటున్నాను.

పాత_మేస్టారు
ముడి దగ్గర మొదలుపెట్టకు. నేల ఈనె దగ్గర మొదలుపెట్టు.

ఎవరో కవర్ ఇచ్చారు. L_0 కాంపాక్ట్, దాన్ని కప్పడానికి కొన్ని సెట్లు చాలు. ఆ కొన్నిటినీ కలిపి U అను. ఇప్పుడు U లోపల L_0 పడుకుని ఉంది, చుట్టూ కాస్త జాగా ఉంది. ఆ జాగా కనీసం δ అనుకో: అంటే L_0 కి δ కన్నా దగ్గరున్న బిందువేదీ U బయట లేదు. L_n మీద ఏ బిందువైనా నేలకి ఎంత ఎత్తులో ఉంది? x/n, అంటే 1/n కి మించదు. కాబట్టి 1/n విలువ δ కన్నా తక్కువ అయిన ఈనెలన్నీ నిలువునా U లోకి వెళ్లిపోయాయి. δ = 0.03 వచ్చిందనుకో. 34వ ఈనె నుంచి అన్నీ లోపలే, ఎందుకంటే 1/34 సుమారు 0.0294. బయట మిగిలేవి మహా అయితే మొదటి 33. అవి ఒక్కోటీ కాంపాక్ట్, ఒక్కోదానికి కొన్ని సెట్లు, 33 సార్లు కొన్ని అంటే కొన్నే. ఇప్పుడు "అన్నీ కలిపితే ఫైనైట్" అని రాయి, ఎవరూ కాదనరు.

వంశధార_పిల్ల
δ సున్నా కాకుండా ఉంటుందని ఎలా? జాగా ఒక చోట 0.1, ఇంకో చోట 0.01, ఇంకో చోట 0.001 అలా తగ్గిపోతూ ఉంటే?

నాగావళి77
ఓపెన్ కదా, ప్రతి బిందువు చుట్టూ జాగా ఉంటుంది.

పాత_మేస్టారు
నాగావళీ, ఆమె అడిగింది అది కాదు. ప్రతి బిందువుకీ జాగా ఉంది, కానీ అందరికీ కలిపి ఒకే జాగా ఉందా అని. మంచి అనుమానం.

అలా తగ్గిపోతోందనే అనుకుందాం. అప్పుడు L_0 మీద q_1, q_2, q_3... అని బిందువులు, ఒక్కోదానికి U బయట ఒక పొరుగు r_j, వాటి మధ్య దూరం 1/j లోపు. L_0 కాంపాక్ట్ కాబట్టి q లలో కొన్ని L_0 మీదే ఉన్న q అనే చోటికి చేరతాయి. పొరుగులు వాటిని అంటిపెట్టుకునే ఉన్నాయి, అవీ q కే చేరతాయి. U బయట ఉన్నదంతా క్లోజ్డ్, కాబట్టి q కూడా U బయటే ఉండాలి. కానీ L_0 మొత్తం U లోపల ఉందన్నాం. పొసగలేదు. కాబట్టి δ ఉంది.

చూశావా, ఓపెన్ కవర్ లెక్కలోకి అనుక్రమం దొడ్డిదారిన వచ్చేసింది.

ఎప్సిలాన్_రాజాం
అందుకే నేను సీక్వెన్సులే ముందు చెప్పాలంటాను. ఓపెన్ కవర్ ముందు చెప్పి పిల్లల్ని బెదరగొడతారు.

పాత_మేస్టారు
ఒప్పుకోను. ఫ్రెషే 1906లో తన థీసిస్‌లో కాంపాక్ట్ అన్న మాట వాడినప్పుడు అనంత సమితులకి చేరే బిందువులతోనే మొదలుపెట్టాడు, నీ పక్షమే. కానీ 1920ల్లో అలెగ్జాండ్రోవ్, ఉరిసోన్ వివృత సమితుల దారి పట్టింది ఊరికే కాదు. దూరమే లేని చోటికి వెళ్తే ఆ రెండూ ఒకటి కావు. దూరం ఉన్నంతకాలం ఒకటే కాబట్టి నీకు ముద్దొస్తోంది. మొదటి సెమిస్టర్లో కవర్‌తో కుస్తీ పట్టనివాడు రెండో సెమిస్టర్లో ఏడుస్తాడు.

ఎప్సిలాన్_రాజాం
మేస్టారూ, మొదటి సెమిస్టర్లోనే ఏడ్చి మానేసేవాళ్ల సంగతి? 🙂

రిటైర్డ్_బుకింగ్
నేను రైల్వేలో బుకింగ్ కౌంటర్లో చేసి రిటైరయ్యాను. మీరంతా దూరం దూరం అంటున్నారు గాని ఏ దూరం? శ్రీకాకుళం రోడ్డు నుంచి బొబ్బిలికి టికెట్ అడిగితే మేము గీత గీసి కొలవం. విజయనగరం దాకా ఎన్ని కిలోమీటర్లు, అక్కడి నుంచి రాయగడ లైన్లో బొబ్బిలికి ఎన్ని, రెండూ కలిపి ఛార్జి. ప్రయాణికులు గొడవ పెట్టుకునేవారు, రాజాం మీదుగా బస్సుకి ఇంత దూరం లేదు కదా అని. బండి అలా పోదు బాబూ అనేవాణ్ణి.

కోట_జంక్షన్_వాసి
ఆ గొడవ నేనూ పెట్టాను ఒకసారి. మీరేనేమో కౌంటర్లో.

ఎప్సిలాన్_రాజాం
@రిటైర్డ్_బుకింగ్ గారూ, దండం. మీరు తెలియకుండానే నాగావళి మొదటి పోస్టుని పడగొట్టారు.

ఆయన "ఏ మెట్రిక్ స్పేస్‌లో అయినా క్లోజ్డ్, బౌండెడ్ అంటే కాంపాక్ట్" అన్నారు. మన నిండు చీపురు C నే తీసుకుని దూరం మాత్రం మారుద్దాం. ఒకే ఈనె మీద రెండు బిందువులుంటే మామూలు దూరం. వేరే వేరే ఈనెల మీదుంటే ముడి దాకా వచ్చి, అక్కడ బండి మారి, అవతలి ఈనె ఎక్కాలి. రెండు దూరాలూ కలపాలి. దీన్ని ఫ్రెంచ్ రైల్వే మెట్రిక్ అంటారు, అక్కడ చాలా బళ్లు పారిస్ మీదుగా పోతాయని. మనకి ముడి విజయనగరం.

ఇప్పుడు పక్కపక్క ఈనెల కొసలు చూడండి. కంటికి 99వ కొసా 100వ కొసా అంటుకునే ఉన్నాయి. రైలు దూరం మాత్రం రెండు కన్నా ఎక్కువ, ఒక్కోటి ముడికి ఒకటికి పైనే ఉంది కాబట్టి. ఏ రెండు కొసలు తీసుకున్నా అంతే. ఒకదానికొకటి ఎప్పుడూ దగ్గరకి రాని గుంపులోంచి చేరే సబ్‌సీక్వెన్స్ ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. కాబట్టి అదే చీపురు, ఈ దూరంలో కాంపాక్ట్ కాదు.

నాగావళి77
బౌండెడ్ కాదేమో?

ఎప్సిలాన్_రాజాం
బౌండెడే. ఏ ఈనె పొడవూ √2 దాటదు, కాబట్టి ఏ రెండు బిందువుల మధ్యా 2√2 దాటదు. క్లోజ్డ్ కూడా. పోనీ గొయ్యేదైనా ఉందా అంటే అదీ లేదు. ఒకదాని మీద ఒకటి ఒరిగే ప్రతి సీక్వెన్సూ లోపలే చేరుతుంది, కంప్లీట్. ఇక్కడ ఎర్ర ఇంకుతో రాయడానికి లేని బిందువు దొరకదు. జబ్బు వేరు.

మేస్టారు పద్ధతిలో కవర్ కావాలంటే: ముడి చుట్టూ 1/2 వ్యాసార్ధం గోళం ఒకటి, ప్రతి కొస చుట్టూ 1 వ్యాసార్ధం గోళం ఒక్కోటి. పొడవైన ఈనె √2, దాని కొస గోళం ముడి వైపు 0.414 దాకా వస్తుంది, అక్కడ ముడి గోళం అందుకుంటుంది. అంతా కప్పినట్టే. కానీ కొస గోళం ముడిని దాటి పక్క ఈనెలోకి పోలేదు. ప్రతి కొసా తన గోళంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఒక్క గోళం తీసేసినా ఒక కొస బయటపడుతుంది.

పాత_మేస్టారు
దీన్లోనే హైనె-బోరెల్ గుట్టు ఉంది. మామూలు తలంలో బౌండెడ్ సమితిని ఒక పెట్టెలో పెట్టి, పెట్టెని ఎంత సన్నగా అంటే అంత సన్నగా గళ్లుగా కోయవచ్చు, గళ్లు ఎప్పుడూ ఫైనైట్‌గానే ఉంటాయి. రైలు దూరంలో చీపురుని 1/2 వ్యాసార్ధం గోళాలతో కప్పబోతే ఫైనైట్‌గా కొన్ని గోళాలు చాలవు. "బౌండెడ్" అన్న మాట సరిపోదు, ఎంత సన్న కొలతకైనా కొన్ని గోళాలతో కప్పగలగాలి. అదీ, కంప్లీటూ రెండూ ఉంటే అప్పుడు ఏ మెట్రిక్ స్పేస్ అయినా కాంపాక్టే.

నాగావళి77
సరే, ఒప్పుకున్నాను. నా నోట్సులో R^n అని ఉంది, ఎగిరిపోయింది. కానీ ఆ అమ్మాయి పేపర్లో ఉన్నది మామూలు తలమే. అక్కడ నా రెండు లైన్ల జవాబుకి పది రావాలి.

పాత_మేస్టారు
"క్లోజ్డ్ కాదు" అని ఊరికే రాస్తే నేనైతే నాలుగిస్తాను. ఏ బిందువు వల్ల కాదో, దానికి ఏ అనుక్రమం పోతోందో రాస్తే పది.

రిటైర్డ్_బుకింగ్
నాకు ఒక డౌటు. బొబ్బిలి నుంచి సాలూరుకి వేరే బ్రాంచి లైను ఉంది. సాలూరు వాడు బొబ్బిలి రావడానికి విజయనగరం రానక్కర్లేదు. మీ చీపురులో అది ఎక్కడ పెడతారు?

ఉద్దానం_కుర్రోడు
ఈనెకి ఈనె మొలిచిందన్నమాట. అది చీపురు కాదు, చెట్టు.

ఎప్సిలాన్_రాజాం
😂 నిజంగానే దాని పేరు చెట్టే. ఇప్పుడొద్దు.

వంశధార_పిల్ల
రెండు రోజులు ఆలోచించాను. నా మొదటి జవాబు ఏ చీపురుకి ఒప్పవుతుందా అని చూశాను. నా తప్పంతా కొసలు U బయట ఉండిపోవడం. కొసలు ముడి దగ్గరికే వచ్చేస్తే?

అదే ఈనెలు, అదే వాలు, కానీ n-వ ఈనెని 1/n పొడవుకి కోసేస్తాను. నేల ఈనె లేదు. దీన్ని D అంటాను. కవర్ ఏదైనా ఇవ్వండి, ముడి ఏదో ఒక U లో ఉంటుంది, U ఓపెన్ కాబట్టి ముడి చుట్టూ r వ్యాసార్ధం గోళం U లోనే ఉంటుంది. r = 0.1 అనుకుంటే 11వ ఈనె నుంచి అన్నీ కొసతో సహా U లోనే. మిగిలినవి పది. పది ఈనెలకీ ఒక్కోదానికి కొన్ని సెట్లు. అన్నీ కలిపితే ఫైనైట్! (0,0) కి తప్ప గొయ్యి పడే చోటు లేదు, (0,0) నా దగ్గరే ఉంది.

ఎప్సిలాన్_రాజాం
భలే. ఇంకోటి గమనించావా, రైలు దూరంలో కూడా ఇదే వాదన అక్షరం మార్చకుండా నడుస్తుంది. ముడి నుంచి దూరం రెండిట్లోనూ ఒకటే కదా. అంటే D రెండు దూరాల్లోనూ కాంపాక్ట్, C ఒకదాన్లోనే, B దేన్లోనూ కాదు.

పాత_మేస్టారు
నీ జవాబు తప్పు కాదు పిల్లా, వేరే ప్రశ్నకి జవాబు.

ఉద్దానం_కుర్రోడు
మా నాయనమ్మకి చెప్పాను. ఒక్కో ఈనెని అలా కోస్తే ఊడవడానికి ఏటి మిగులుతాది అంది.

వంశధార_పిల్ల
ఇవాళ సారుకి చూపించాను. B, C, D మూడూ వేరే కాగితం మీద రాసి. చదివారు. మొదటి జవాబులో ముడి దగ్గర దాకా సరిగ్గా ఉంది కాబట్టి రెండు మార్కులు వేస్తానన్నారు. పదికి రెండు.

నాగావళి77
రెండా! నేనైతే అయిదు.

పాత_మేస్టారు
నేనైతే ఒకటి. ముగింపు తప్పుగా ఉంటే లెక్క తప్పే. ఆ వేరే కాగితానికి మాత్రం విడిగా పది వేస్తాను, ఏ పరీక్షలోనో నాకు తెలీదు.

కోట_జంక్షన్_వాసి
చూశారా, అర్జీ పెట్టకుండానే రెండు పెరిగాయి.

వంశధార_పిల్ల
కాగితం వెనక్కిస్తూ మళ్లీ ఎర్ర ఇంకుతో ఒకటి రాశారు: "సరి నంబరు ఈనెలు మాత్రమే కోస్తే? బేసివి అలాగే ఉంచి, L_0 కలిపి." మామూలు దూరంలో కాంపాక్ట్ అని వచ్చింది, పొడవాటివి నేల ఈనెకి, కోసినవి ముడికి పోతాయి. రైలు దూరంలో బేసి కొసలే పట్టుకున్నాయి, కాదు. ఇంతేనా, ఇంకేమైనా మెలిక ఉందా?

ఎప్సిలాన్_రాజాం
ఇంతే. కానీ ఆయన ఊరికే అడిగి ఉండరు. కోయడం ఎంత వరకూ అయితే రైలు దూరంలో కాంపాక్ట్ అవుతుందో రాసుకురా, "పొడవులు సున్నాకి పోవాలి" అన్నది రెండు వైపులా నిరూపించి.

రిటైర్డ్_బుకింగ్
సాలూరు లైను సంగతి ఎవరూ చెప్పలేదు.